రిజిస్ట్రేషన్ మెయిల్‌లో ఏముండాలి, అది స్పామ్‌లో పడకుండా ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు చూసిపెట్టడం నా పని. పరీక్షల సీజన్ మొదలైతే నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే గోడు: "ఫారం నింపినోళ్లకు మెయిల్ పోతలేదు." నిజానికి మెయిల్ పోతూనే ఉంటుంది, స్పామ్‌లో పడి ఉంటుంది. లేదంటే ఇన్‌బాక్స్‌కే చేరినా, చదివినవాళ్లకు సీటు ఖాయమైందో లేదో అర్థం కాదు. ఈ రెండింటి గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణ కోసం మహబూబ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ పెట్టిన గ్రూప్-2 మాక్ టెస్ట్ తీసుకున్నాను. డొమైన్ పేర్లు, నంబర్లు మాత్రం మార్చాను.

ఫారం నింపగానే స్క్రీన్ మీద 'సక్సెస్' అని వస్తుంది కదా, మళ్లీ మెయిల్ ఎందుకు?

ఆ స్క్రీన్ ఒక్కసారే కనబడుతుంది. ఫోన్ లాక్ అయినా, డబ్బులు కట్టే యాప్ నుంచి తిరిగి వచ్చేలోపు పేజీ రీలోడ్ అయినా పోతుంది. పరీక్ష రోజు పొద్దున మక్తల్‌లోనో అచ్చంపేటలోనో బస్సెక్కే అభ్యర్థి చేతిలో మిగిలేది మెయిలే.

మెయిల్‌లో తప్పనిసరిగా ఏమేం ఉండాలి?

చదివేవాళ్ల మనసులో మొదట ఉండే ప్రశ్న ఒక్కటే: "నా పని అయిందా, ఇంకా ఏమైనా మిగిలిందా?" దానికి జవాబు మొదటి వాక్యంలోనే దొరకాలి. "మాపై మీరు ఉంచిన నమ్మకానికి ధన్యవాదాలు" అని మొదలయ్యే మెయిళ్లలో ఆ జవాబు మూడో పేరా దాకా రాదు. ఫోన్‌లో మెయిల్ తెరవకముందే కనబడేది సబ్జెక్ట్, మొదటి లైను ముక్క. అక్కడే విషయం తేలిపోవాలి.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా చూసుకోవాలి. దరఖాస్తు అందడం వేరు, సీటు ఖాయమవడం వేరు. మన కోచింగ్ సెంటర్ మెయిల్‌లో మొదట "మీ రిజిస్ట్రేషన్ స్వీకరించబడింది" అని మాత్రమే ఉండేది. ఫీజు కట్టినవాళ్లకూ అదే మెయిల్, కట్టనివాళ్లకూ అదే. యూపీఐలో డబ్బులు కట్ అయ్యాయి గానీ సైట్‌లో 'పెండింగ్' చూపించినవాళ్లు, ఏమైందో తెలియక రెండోసారి కట్టారు. అందుకని రెండు మెయిళ్లు వేరుగా పెట్టాలి. ఫీజు రాకపోతే "ఫారం అందింది, ఫీజు ఇంకా అందలేదు, డబ్బులు కట్ అయి ఉంటే మళ్లీ కట్టకండి, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని రాయాలి. ఫీజు వస్తేనే "ఖాయమైంది" అనే మాట వాడాలి.

మార్చాక ఆ మెయిల్ ఇలా తయారైంది:

> సబ్జెక్ట్: సీటు ఖాయమైంది: గ్రూప్-2 మాక్ టెస్ట్, శ్రావణి, MT-0417
>
> శ్రావణి గారూ, ఆదివారం జరిగే గ్రూప్-2 మాక్ టెస్ట్‌కు మీ సీటు ఖాయమైంది. మీరు ఇంకేమీ కట్టాల్సిన పని లేదు.
>
> రిజిస్ట్రేషన్ నంబర్: MT-0417
> పరీక్ష: ఉదయం 10:00 గంటలకు. 9:15 కల్లా హాలుకు రావాలి.
> స్థలం: మా సెంటర్, రెండో అంతస్తు, బస్టాండ్ నుంచి నడిచి వచ్చే దూరం (మ్యాప్ లింకు)
> కట్టిన ఫీజు: రూ. 150, యూపీఐ రిఫరెన్స్ చివరి అంకెలు 5521
> తెచ్చుకోవాల్సినవి: ఫొటో ఉన్న ఏదైనా గుర్తింపు కార్డు, నల్ల బాల్‌పాయింట్ పెన్ను
>
> పేరు తప్పుగా పడితే, లేదా రాలేకపోతే శుక్రవారం సాయంత్రం లోపు ఈ మెయిల్‌కే జవాబు రాయండి.
> ఈ ఫారం మీరు నింపకపోతే ఆ విషయం మాకు చెప్పండి, మీ మెయిల్ అడ్రస్ తీసేస్తాం.

పొడవైనదేమీ కాదు. రోజు, సమయం, స్థలం, నంబర్, ఫీజు, తప్పు సరిదిద్దుకునే దారి, అంతే. చివరి లైను చాలామంది పెట్టరు. వేరేవాళ్ల అడ్రస్ పొరపాటున టైప్ చేసిన సందర్భంలో అది పనికొస్తుంది. ఆ లైను లేకపోతే అవతలివాళ్లకు తెలిసిన దారి 'స్పామ్' బటనే.

అన్నా, మా దగ్గర సగం మంది ఇంటర్నెట్ సెంటర్‌లో నింపిస్తారు. వాళ్లకు మెయిల్ ఎట్ల చేరుతది?

ఇది మన జిల్లాల్లో అసలు చిక్కు. అభ్యర్థికి మెయిల్ గుర్తుండదు, పాస్‌వర్డ్ అసలే గుర్తుండదు. సెంటర్ నడిపే అతను తన మెయిల్ అడ్రస్సే అందరికీ కొట్టేస్తాడు. ఒకే అడ్రస్‌కు పదులకొద్దీ రిజిస్ట్రేషన్ మెయిళ్లు పోతాయి. అన్నింటికీ సబ్జెక్ట్ "రిజిస్ట్రేషన్ సక్సెస్‌ఫుల్" అనే ఉంటే జీమెయిల్ వాటిని ఒకే వరుసగా చుట్టేస్తుంది. అందులో ఎవరి మెయిల్ ఏదో ఆయనకే తెలియదు, ప్రింటు తీసివ్వడం సంగతి సరే సరి.

పైన సబ్జెక్ట్‌లో పేరు, నంబర్ పెట్టింది అందుకే. సబ్జెక్ట్ వేరైతే మెయిళ్లు విడివిడిగా కనబడతాయి, పేరు కొట్టి వెతికితే దొరుకుతాయి. ఒక అడ్రస్‌కు ఒక్క రిజిస్ట్రేషనే అని సైట్‌లో ఆంక్ష పెట్టొద్దు. పెడితే ఆపరేటర్ లేని అడ్రస్సులు సృష్టించి కొడతాడు. అవన్నీ తిరిగొస్తాయి, ఆ దెబ్బ మీ డొమైన్ పేరు మీద పడుతుంది. ఫోన్ నంబర్‌తో, పుట్టిన తేదీతో సైట్‌లోనే వివరాలు మళ్లీ చూసుకునే పేజీ ఒకటి పెడితే, మెయిల్ చేతికందనివాళ్లకు దారి దొరుకుతుంది.

పాస్‌వర్డ్, ఆధార్ నంబర్ మెయిల్‌లో పంపొచ్చా?

వద్దు. పై ప్రశ్న చదివితే కారణం చెప్పనక్కర్లేదు, ఆ మెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌లో ఉంటుందో మీకు తెలియదు. లాగిన్ అవసరమైతే పాస్‌వర్డ్ కొత్తగా పెట్టుకునే లింకు ఇవ్వండి. దానికి గడువు పెట్టండి.

తెలుగులో రాస్తే స్పామ్‌లోకి పోతుందా?

తెలుగులో రాసినందుకు పోదు. తెలుగు అక్షరాలు పాడైపోయి, సబ్జెక్ట్‌లో అర్థంలేని గుర్తులు వస్తేనే అనుమానం. అది ఫిల్టర్‌కూ ఉంటుంది, మనిషికీ ఉంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మెయిల్ పంపే ప్రోగ్రాంకు యూటీఎఫ్-8 అని చెప్పకపోవడం. పీహెచ్‌పీలో బాగా వాడే `PHPMailer` వేరే ఎన్‌కోడింగ్‌తో మొదలవుతుంది, మనమే మార్చాలి:

```
$mail->CharSet = 'UTF-8';
$mail->setFrom('tests@example.com', 'మాక్ టెస్ట్ విభాగం');
$mail->addReplyTo('office@example.com');
```

సబ్జెక్ట్‌ను మీ చేత్తో జోడించకుండా లైబ్రరీకే వదిలేయండి. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి కాబట్టి సబ్జెక్ట్‌ను ముక్కలుగా కోసి పంపాల్సి వస్తుంది. చేత్తో కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది.

మెయిల్ స్పామ్‌లో పడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

'ఫ్రీ', 'ఆఫర్' లాంటి మాటలు తీసేయడంతో మొదలుపెట్టొద్దు. అందరూ చేసేది అదే, టైమ్ వేస్ట్. ముందు ఆ మెయిల్‌నే అడగండి. స్పామ్‌లో పడ్డ మెయిల్‌ను కంప్యూటర్‌లో జీమెయిల్‌లో తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి `Show original` ఎంచుకుంటే పైన ఒక చిన్న పట్టిక వస్తుంది. మెయిల్ నిజంగా ఆ పేరువాళ్లే పంపారా అని చూసే మూడు తనిఖీలు, ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్, ఏం తేల్చాయో అందులో ఉంటుంది. మన కోచింగ్ సెంటర్ మెయిల్‌లో కనబడింది ఇది:

```
From:   Mock Test <centre@gmail.com>
SPF:    PASS with IP 192.0.2.15
DMARC:  'FAIL'
```

మొదట చూసినవాళ్లు `SPF: PASS` అని ఉంది కదా అని తృప్తిపడ్డారు. అసలు సంగతి అక్కడే ఉంది. వెబ్‌సైట్ మెయిల్ పంపింది హోస్టింగ్ కంపెనీ సర్వర్ నుంచి. మెయిల్ తిరిగొస్తే చేరాల్సిన అడ్రస్, అంటే కవరు వెనక రాసే అడ్రస్ లాంటిది, ఆ సర్వర్ పేరు మీదే ఉంది. ఎస్పీఎఫ్ చూసేది ఆ అడ్రస్‌నే కాబట్టి పాస్ అయింది. కానీ చదివేవాళ్లకు కనబడే `From` దగ్గర ఉన్నది జీమెయిల్ అడ్రస్. ఆ సర్వర్‌కూ జీమెయిల్‌కూ ఏ సంబంధమూ లేదు. పంపింది ఒకరు, పేరు మరొకరిది. మోసగాళ్లు చేసే పని కూడా అచ్చం ఇదే. డీమార్క్ పట్టుకున్నది దాన్నే, జీమెయిల్ స్పామ్‌లో వేసింది అందుకే. డీకిమ్ వరుస లేకపోవడం అంటే మెయిల్‌కు సంతకమే లేదని.

మరి దాన్ని ఎలా సరిచేయాలి?

సొంత డొమైన్ ఉంటే `From` ఆ డొమైన్ మీదే ఉండాలి. ఈ సెంటర్‌కు డొమైన్ ఉంది, వెబ్‌సైట్ దాని మీదే నడుస్తోంది. రిజిస్ట్రేషన్ మెయిల్‌కు మాత్రం పాత జీమెయిల్ అడ్రస్ అలవాటుగా వాడుతున్నారు. చేసిన మార్పులు వరుసగా చెబుతాను.

ముందు `tests@example.com` అనే అడ్రస్ తెరిచారు. వెబ్‌సైట్ నేరుగా సర్వర్ నుంచి విసిరేయకుండా, ఒక మెయిల్ పంపే సర్వీసుకు లాగిన్ అయి, పోర్టు 587 ద్వారా పంపేలా మార్చారు. తర్వాత డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో మూడు రికార్డులు చేరాయి. ఎస్పీఎఫ్ రికార్డు "మా పేరు మీద మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకు ఉంది" అని చెబుతుంది. డీకిమ్ రికార్డులో సంతకాన్ని సరిపోల్చే బహిరంగ కీ ఉంటుంది. దాన్ని సర్వీసు వాళ్లే ఇస్తారు, ఒక్క అక్షరం పోకుండా కాపీ చేయాలి. డీమార్క్, పై రెండింటిలో ఒకటైనా `From` లోని డొమైన్‌తో సరిపోవాలని, సరిపోకపోతే ఏం చేయాలో చెబుతుంది:

```
_dmarc.example.com  TXT  "v=DMARC1; p=none; rua=mailto:dmarc@example.com"
```

`p=none` అంటే ప్రస్తుతానికి ఏ మెయిల్‌నూ ఆపొద్దు, రిపోర్టులు మాత్రం పంపమని. కొన్ని వారాలు ఆ రిపోర్టులు చూసి, మీ మెయిళ్లన్నీ పాస్ అవుతున్నాయని తేలాకే, పాస్ కానివాటిని స్పామ్‌లో వేయమనే `quarantine` కు మార్చాలి. మొదటి రోజే, అసలు తీసుకోవద్దనే `reject` పెడితే, ఆఫీసులో ఎవరో మరో సాఫ్ట్‌వేర్ నుంచి పంపే ఫీజు రసీదులు కూడా ఆగిపోతాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఒకటుందని అప్పటిదాకా ఎవరికీ గుర్తు రాదు.

అన్నీ పెట్టాం, అయినా `SPF` దగ్గర ఎర్రర్ వస్తోంది?

మీ డొమైన్‌కు ఎస్పీఎఫ్ రికార్డులు రెండున్నాయేమో చూడండి. కమాండ్ ఇది:

```
nslookup -type=txt example.com
```

ఈ సెంటర్‌లో సరిగ్గా అదే జరిగింది. స్టాఫ్ మెయిళ్ల కోసం గూగుల్ రికార్డు ముందే ఉంది. కొత్త సర్వీసు వాళ్లు "ఈ రికార్డు చేర్చండి" అంటే హోస్టింగ్ చూసే అబ్బాయి దాని కింద ఇంకొకటి చేర్చాడు. `v=spf1` తో మొదలయ్యే రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే తీసుకునే సర్వర్ ఏది నమ్మాలో తేల్చుకోదు, `permerror` అని రెండింటినీ పక్కన పెడుతుంది. అంటే నిన్నటిదాకా బాగున్న స్టాఫ్ మెయిళ్లకు కూడా ఎసరు వచ్చింది. రెండింటినీ కలిపి ఒకటి చేయాలి:

```
v=spf1 include:_spf.google.com include:spf.example.net ~all
```

`include` లు ఇష్టమొచ్చినన్ని పెట్టడానికీ లేదు. వాటి లోపల ఉన్నవాటితో కలిపి డీఎన్‌ఎస్‌లో 10 సార్లకు మించి వెతకాల్సి వస్తే అదీ ఎర్రరే. వాడని సర్వీసులను తీసేయండి. మార్చిన రికార్డు అంతటా అందుబాటులోకి రావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, ఐదు నిమిషాలకే టెన్షన్ పడి మళ్లీ మార్చకండి.

మాకు డొమైన్ లేదు, జీమెయిల్ ఒక్కటే ఉంది. దారి లేదా?

ఉంది. వెబ్‌సైట్ లేదా ఫారం ఆ జీమెయిల్ ఖాతాలోకే లాగిన్ అయి, గూగుల్ సర్వర్ ద్వారానే పంపాలి. అప్పుడు పంపింది గూగులే, పేరూ జీమెయిల్‌దే, గొడవ లేదు. మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఉచిత ఖాతాకు రోజుకు సుమారు 500 మెయిళ్ల పరిమితి ఉంటుంది. ఊళ్లో చెస్ పోటీకి సరిపోతుంది. చివరి తేదీ నాడు వందల మంది ఎగబడే మాక్ టెస్ట్‌కు సరిపోదు, పరిమితి దాటాక మిగతావాళ్లకు ఆ రోజు మెయిల్ పోదు.

మూడూ `PASS` అంటున్నాయి, అయినా కొందరికి స్పామ్‌లోనే పడుతోంది సార్?

ఆ మూడు పాస్ అయితే, పంపింది మీరేనని తేలుతుంది. మీ మెయిల్ జనానికి కావాలా వద్దా అన్నది వేరే లెక్క. దాన్ని జనమే తేలుస్తారు. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నియమాలు గట్టిగా అమలు చేస్తున్నాయి. గూగుల్ చెప్పేదేమంటే, మీ మెయిల్‌ను స్పామ్ అని నొక్కేవాళ్ల శాతం 0.1 లోపు ఉండాలి, 0.3కు ఎప్పుడూ చేరకూడదు. అంటే వెయ్యి మెయిళ్లకు ముగ్గురు నొక్కితే చాలు, చిక్కు మొదలవుతుంది.

ఈ ముగ్గురు ఎక్కడి నుంచి వస్తారు? నేను చూసినంతలో రిజిస్ట్రేషన్ మెయిల్ వల్ల కాదు, దాని వెనక వచ్చే ప్రకటనల వల్ల. మాక్ టెస్ట్ రాసిన ప్రతివాళ్లకూ కొత్త బ్యాచ్, ఫీజు డిస్కౌంట్, పండగ శుభాకాంక్షలు అదే `tests@` అడ్రస్ నుంచి పోతాయి. విసిగినవాళ్లు స్పామ్ నొక్కుతారు. మళ్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఖాయమైన సీటు మెయిల్ కూడా ఆ గుంపుతోపాటే మునుగుతుంది. అందుకని ప్రకటనలకు వేరే అడ్రస్, వీలైతే `news.example.com` లాంటి వేరే సబ్‌డొమైన్ పెట్టండి. వాటిలో అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండి తీరాలి, రిజిస్ట్రేషన్ మెయిల్‌కు దాని అవసరం లేదు. సీటు ఖాయమైన మెయిల్ అడుగున "మా కొత్త బ్యాచ్‌లో చేరండి" అని బ్యానర్ పెట్టాలనే కోరిక యాజమాన్యాలకు ఎప్పుడూ ఉంటుంది. నా సలహా మాత్రం వద్దనే.

ఇంకో కారణం తప్పుడు అడ్రస్సులు. `gmial.com`, `gmail.con` అని కొట్టినవి తిరిగొస్తూ ఉంటే, అడ్రస్సులు ఎక్కడో కొనుక్కొచ్చి పంపేవాళ్ల లెక్కలో మిమ్మల్ని కూడా వేస్తారు. ఫారంలోనే "ఇది gmail.com అనుకుంటా, చూసుకోండి" అని అడిగితే చాలావరకు తగ్గుతాయి. తిరిగొచ్చిన అడ్రస్‌కు మళ్లీ పంపకండి, అభ్యర్థికి ఫోన్ చేయండి.

మ్యాప్ లింకును పొట్టి లింకుగా మార్చి పెట్టొద్దు. ఆ పొట్టి లింకుల సర్వీసులను మోసగాళ్లూ వాడుతుంటారు కాబట్టి వాళ్ల చెడ్డపేరు మీకు అంటుతుంది. మెయిల్ మొత్తాన్ని ఒకే పోస్టర్ బొమ్మగా పెట్టడం కూడా అంతే. బొమ్మలు లోడ్ కాకపోతే చదివేవాళ్లకు ఖాళీ తెల్ల పేజీ మిగులుతుంది.

హాల్ టికెట్ పీడీఎఫ్ జతచేయొచ్చా?

చిన్న ఫైలైతే ఇబ్బంది లేదు. జిప్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి పంపొద్దు. అలాంటి ఫైలు లోపల ఏముందో ఫిల్టర్ చూడలేదు కాబట్టి అనుమానిస్తుంది. నెట్ సెంటర్‌లో ప్రింటు తీసేవాళ్లకైతే లింకు కన్నా పీడీఎఫ్ సులువు.

'నో-రిప్లై' అడ్రస్ పెట్టొచ్చా?

పెట్టకండి. పేరు తప్పు పడ్డవాళ్లు జవాబు రాయడానికి ఒక చోటు కావాలి. పైన కోడ్‌లో `addReplyTo` అందుకే ఉంది, జవాబులు ఆఫీసులో ఒకరు రోజూ చూసే ఇన్‌బాక్స్‌కు పోతాయి.

మెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడుతోంది, అది స్పామేనా?

కాదు. అది ఇన్‌బాక్స్‌లో ఒక భాగమే. ప్రకటనల వాసన తగ్గిస్తే చాలాసార్లు ప్రైమరీకే వస్తుంది.

వెబ్‌సైట్‌లో "మెయిల్ రాకపోతే స్పామ్‌లో చూడండి" అని రాస్తే చాలదా?

రాయండి, మంచిదే. ఏ అడ్రస్ నుంచి వస్తుందో, సబ్జెక్ట్ ఏమని ఉంటుందో కూడా రాస్తే వెతకడం తేలిక. "స్పామ్ కాదు" అని నొక్కమనండి. అయితే జీమెయిల్ స్పామ్‌లోని మెయిళ్లు 30 రోజులకు వాటంతట అవే పోతాయి. రిజిస్ట్రేషన్‌కూ పరీక్షకూ మధ్య రెండు నెలలుంటే, హాల్ టికెట్ కోసం వెతికే రోజుకు ఏమీ మిగలదు.

రిజిస్ట్రేషన్ తెరిచే ముందు ఎలా పరీక్షించాలి?

మీ సొంత జీమెయిల్‌కు పంపి "వచ్చింది" అనుకోవద్దు. మీరు ఆ అడ్రస్‌తో ఇదివరకే మాట్లాడి ఉంటారు, మీకు ఇన్‌బాక్స్‌లోనే కనబడుతుంది. మీ సైట్ నుంచి ఎప్పుడూ మెయిల్ అందని ఒక జీమెయిల్, ఒక అవుట్‌లుక్, ఒక యాహూ ఖాతాతో అసలు ఫారాన్నే నింపండి. ఫీజు కట్టి ఒకసారి, మధ్యలో ఆపేసి ఒకసారి. మూడింట్లోనూ ఎక్కడ పడిందో చూసి, జీమెయిల్‌లో `Show original` తెరిచి మూడు వరుసల్లోనూ `PASS` ఉందో, డీకిమ్ పక్కన మీ డొమైన్ పేరే ఉందో సరిచూసుకోండి. తర్వాత చిన్న ఫోన్‌లో మెయిల్ తెరిచి, స్క్రోల్ చేయకుండానే రిజిస్ట్రేషన్ నంబర్, టైమ్ కనబడుతున్నాయా చూడండి. హోస్టింగ్ మార్చినా, మెయిల్ సర్వీసు మార్చినా ఇదంతా మళ్లీ చేయాలి. ఈ పనికి నోటిఫికేషన్ వచ్చిన రోజు కన్నా ముందు వారమే నయం, ఆ రోజు డీఎన్‌ఎస్ ముట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు.